రెండు మస్టర్ల లెక్క

రిటైరైన ఫిజిక్సు టీచరు చేతికి మైకు ఇవ్వకూడదు. ఇచ్చినా క్వాంటం గురించి మాట్లాడమని అడగకూడదు. శ్రీరాంపూర్‌లో ఒక సైన్స్ దినోత్సవం నాడు ఈ రెండు పొరపాట్లూ జరిగాయి. మూడోది నేను చేశాను.

హాల్లో పిల్లలతో పాటు వాళ్ల నాయినలు, తాతలు కూడా కూర్చున్నారు. ఫస్ట్ షిఫ్టు చేసి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చినవాళ్లు ఒక పక్క, ఎప్పుడో రిటైరైన పెద్దమనుషులు ఒక పక్క. బొగ్గు బాయిల ఊరు కాబట్టి బాయి ఉదాహరణే చెప్పాలన్న తెలివి నాకు పుట్టింది. ‘‘ఒకాయన లాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని బాయిలోకి దిగిండనుకోండి. కింద రెండు డిప్పులున్నయి. ఏ డిప్పులో ఉన్నడో పైనున్న మనకు తెలియదు. ఎవరైనా పోయి చూసేదాకా ఆయన రెండు డిప్పుల్లోనూ ఉన్నట్టే. అణువుల లోకంలో ఎలక్ట్రాన్ కూడా ఇంతే. దీన్నే సూపర్‌పొజిషన్ అంటరు’’ అన్నాను. చెప్పి, చప్పట్ల కోసం కాసేపు ఆగాను కూడా.

వెనక వరసలో ఒక ముసలి సర్దార్ లేచాడు. ‘‘సారూ, మీరు సూడకపోతె నేను రెండు డిప్పులల్ల ఉంటనా? నేనేడున్ననో నాకెర్క లేదా?’’ అన్నాడు. ఆయన పక్కనున్నాయన కూర్చున్నచోటి నుంచే, ‘‘గట్లయితె దినాం రెండు మస్టర్లు పడాలె గదనే నీకు’’ అన్నాడు. హాలంతా నవ్వింది.

అప్పుడైనా ఒప్పుకోవాల్సింది. ‘‘ఇది లోతైన విషయం, మామూలు బుద్ధికి అందదు’’ అనేసి మైకు దించాను. అందనిది ఎవరి బుద్ధికో ఇంటికొచ్చాక కూడా నాకు తట్టలేదు. చాన్నాళ్లు ఆ సర్దార్‌దే తప్పనుకున్నాను. నిజానికి ఆయన అడిగింది ఐన్‌స్టీన్ పట్టువదలకుండా అడిగిన ప్రశ్నకు దగ్గరి చుట్టం. మనకు తెలియకపోవడం వేరు, అక్కడ లేకపోవడం వేరు. నేను చెప్పిన కథలో ఉన్నది మొదటిదే. డిప్పులోని మనిషి సంగతి మనకు తెలియదు, అంతే. ఆ కథతో సూపర్‌పొజిషన్‌ను చెప్పడమంటే, దాన్ని తప్ప ఇంకేదైనా చెప్పడమే.

నా కళ్లు తెరిపించింది ఒక టీవీ రిపేరు షాపు. పగిలిపోయిన ఎల్‌సీడీ టీవీ ప్యానెల్‌కు ముందొకటి, వెనకొకటి బూడిదరంగు ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. పోలరైజర్ ఫిలిం అంటారు. అడిగితే షాపతను ఒక ముక్క పీకి ఇచ్చాడు. దాని వెనక బంక ఓ పట్టాన వదల్లేదు. తుడిచి తుడిచి శుభ్రం చేసి, కత్తెరతో మూడు ముక్కలు చేసి, ఏ ముక్కలో వెలుగు ఏ దిక్కున దాటుతుందో అంచున స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకున్నాను. నిలువు గీత ముక్కను ఇంట్లో బల్బుకు ఎదురుగా పట్టి, దాని ముందు ఇంకో ముక్కను గీత అడ్డంగా ఉండేట్టు పట్టాను. బల్బు దాదాపు మాయమైంది. నల్లటి ఫిలిం వెనక ముదురు నీలంగా ఒక చుక్క మిగిలిందంతే, అది కూడా ఫిలిం నూటికి నూరు పాళ్లు పనిచేయదు కాబట్టి. ఇది నేను క్లాసులో చెప్పిందే. నిలువు ముక్క దాటిన కాంతి అడ్డం ముక్కను దాటదు.

ఇప్పుడు మూడో ముక్కను ఆ రెండింటి మధ్యలోకి, గీత ఏటవాలుగా ఉండేట్టు దూర్చాను. బల్బు మళ్లీ కనిపించింది.

ఇందులో తిరకాసేమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. ఫిలిం చేసేది వెలుగును ఆపడమే, కొత్త వెలుగును పుట్టించదు. రెండు ముక్కలు దాదాపు పూర్తిగా ఆపిన చోట, ఆపే ముక్క ఇంకొకటి చేరిస్తే వెలుగు పెరిగింది. అదే ఏటవాలు ముక్కను ఆ రెండింటికీ ముందు పెట్టినా, వెనక పెట్టినా చీకటే. నడుమ పెడితేనే వెలుగు.

కాంతి ఫోటాన్లనే విడివిడి పొట్లాలుగా వస్తుందని, ఒక ఫోటాన్ అయితే మొత్తంగా దాటుతుంది, లేకపోతే మొత్తంగా ఆగుతుందని మనకు తెలుసు. సగం ఫోటాన్ దాటడమన్నది లేదు. ఈ ఫోటాన్ గుణాల వెనక తెలుగాయన ఒకరున్నారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్ అయిన సూరి భగవంతం. ద్రవాలూ వాయువులూ చెదరగొట్టిన కాంతి పోలరైజేషన్‌ను కొలిచి, ఫోటాన్‌కు స్పిన్ అనే సొంత గుణం ఉందని 1931లో ఆయనా సి.వి.రామనూ ప్రయోగపూర్వకంగా వాదించారు. ఫిలిం ముక్క పట్టుకునేది ఆ కుటుంబానికి చెందిన గుణాన్నే. ఆ ఉపన్యాసంలో ఈ పేరు కూడా చెప్పాను. పేరు సరిగ్గానే చెప్పాను, ఫిజిక్సే తప్పింది.

ఇక లెక్క. మంచి ఫిలిం అనుకుందాం. నిలువు ముక్కను దాటిన ఫోటాన్లను వంద తీసుకోండి. వాటికి ఎదురుగా ఇంకో నిలువు ముక్క పెడితే వందా దాటుతాయి. అడ్డం ముక్క పెడితే ఒక్కటీ దాటదు. సరిగ్గా మధ్య కోణంలో వాలిన ముక్క పెడితే సుమారు యాభై దాటుతాయి. ఏ యాభై అన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. దాటిన ఆ యాభైకి ఎదురుగా అడ్డం ముక్క పెడితే మళ్లీ సగం, అంటే సుమారు ఇరవై అయిదు దాటుతాయి. మనకు కనిపించిన బల్బు ఆ ఇరవై అయిదే.

ఇక్కడ నేను రెండోసారి బుద్ధితక్కువ పని చేశాను. సర్దార్ అన్నదే నిజమనుకుని ఆయన పక్షాన వాదించుకున్నాను. ఏటవాలు ముక్క దాటిన ఫోటాన్లలో సగం లోలోపల నిలువువి, సగం అడ్డంవి, ఏది ఏదో మనకు తెలియదు, అంతే కదా అనుకున్నాను. అడ్డం ముక్క పెడితే సగం దాటాయి, లెక్క సరిపోయింది. ఇందులో రహస్యమేమీ లేదని సంతోషించి పడుకున్నాను.

తెల్లారి చివరి ముక్కను ఊరికే చేతిలో తిప్పుతుంటే ఆ సంతోషం పోయింది. చివరి ముక్క గీత కూడా నడిమి ముక్కలాగే, అదే పక్కకు, ఏటవాలుగా వచ్చేసరికి వెలుగు ఏమీ తగ్గలేదు. ఫిలిం కాస్త మింగుతుంది, అది తప్ప దాదాపు మొత్తం దాటింది. నేను అనుకున్నది నిజమైతే ఇలా జరగకూడదు. ఆ గుంపులో నిలువు ఫోటాన్లు సగం, అడ్డం ఫోటాన్లు సగం ఉంటే, ఏటవాలు ముక్కకు ఎదురుపడ్డ నిలువువాటిలో సగం ఆగాలి, అడ్డంవాటిలోనూ సగం ఆగాలి. వందకు యాభై దాటాలి. వందకు వంద దాటుతున్నాయి. చివరి ముక్కను అవతలి పక్కకు వాల్చితే సున్నా. అంటే అవి నిలువువీ అడ్డంవీ కలిసిన గుంపు కాదు.

అటువంటి కలిసిన గుంపు ఎలా ఉంటుందో చూడాలంటే మామూలు ట్యూబులైటు చాలు. ఒక్క ముక్కను దానికి ఎదురుగా పట్టి గుండ్రంగా తిప్పండి. ఏ కోణంలోనైనా వెలుగు ఒకేలా, సగమే దాటుతుంది. పూర్తిగా దాటే కోణం లేదు, పూర్తిగా ఆగే కోణమూ లేదు. ఏటవాలు ముక్క దాటి వచ్చిన కాంతికి మాత్రం ఆ రెండు కోణాలూ ఉన్నాయి. నిలువు ముక్క ముందు రెండూ సగం సగమే, తేడా తెలియదు. ముక్కను తిప్పితేనే బయటపడుతుంది.

నాకు అర్థమైనంతలో సూపర్‌పొజిషన్ ఇదీ. ఏటవాలు ముక్క దాటిన ఫోటాన్ స్థితి అస్పష్టమైనది కాదు, పూర్తిగా ఖాయమైనది. ఏటవాలు ముక్కను దాటుతావా అని అడిగితే ప్రతిసారీ దాటుతుంది. కానీ నిలువా, అడ్డమా అన్న ప్రశ్నకు దాని దగ్గర తయారుగా ఉన్న జవాబు లేదు. అడిగితే ఏదో ఒకటి వస్తుంది, సగం సార్లు ఇదీ సగం సార్లు అదీ. అడిగిన తర్వాత అది ఇక ఏటవాలు ఫోటాన్ కాదు, వచ్చిన జవాబుకు తగ్గట్టు నిలువుదో అడ్డందో అయిపోతుంది. నడిమి ముక్క చేసిన పని ఇదే. వచ్చిన ఫోటాన్‌లో దాగినదాన్ని బయటపెట్టలేదు, దాన్ని కొత్త స్థితిలో నిలబెట్టింది. మొదటి ముక్క ఇచ్చిన నిలువుతనం అక్కడితో చెల్లిపోయింది. చివరి అడ్డం ముక్కకు కొంత దక్కింది అందుకే.

‘నిలువూ అడ్డమూ ఒకేసారి’ అనడం తప్పు. ‘రెండింటిలో ఏదో ఒకటి, మనకు తెలియదు’ అనడమూ తప్పే. ‘సగం సగం’ అన్నా చాలదు. కుడికి వాలిన ఫోటాన్‌కూ ఎడమకు వాలిన ఫోటాన్‌కూ నిలువు ముక్క ముందు అవకాశాలు సగం సగమే. కానీ కుడికి వాలిన ముక్క ఒకదాన్ని ఎప్పుడూ పంపిస్తుంది, రెండోదాన్ని ఎప్పుడూ ఆపుతుంది. రెండింటిలోనూ నిలువూ అడ్డమూ ఒకే పాళ్లలో ఉన్నాయి, ఆ పాళ్లు ఒకదానితో ఒకటి కలిసిన తీరే వేరు. సూపర్‌పొజిషన్‌లోని అసలు సరుకు ఆ కలిసిన తీరులోనే ఉంది. పాపులర్ పుస్తకాలు ఎక్కువగా వదిలేసేది దాన్నే. నేనూ వదిలేశాను.

ఇక్కడ ఒక నిజాయితీ మాట చెప్పాలి. బల్బుతో చేసిన ఈ ప్రయోగం ఒక్కదాన్ని చూసి క్వాంటం రుజువైందంటే మళ్లీ అబద్ధమే అవుతుంది. కాంతిని మామూలు తరంగమనుకున్నా ఈ వెలుగూ చీకట్లూ సరిగ్గా ఇలాగే వస్తాయి. 19వ శతాబ్దం వాళ్లు ఫోటాన్ ఊసే లేకుండా ఈ లెక్క కట్టారు. వింత మొదలయ్యేది ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపినప్పుడు. ఆ పని 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పెక్ట్ అనే ముగ్గురు చేశారు. కాల్షియం పరమాణువు వెంటవెంటనే రెండు ఫోటాన్లు వదులుతుంది. మొదటిది రాగానే, రెండోది బయలుదేరిందని కబురు అందినట్టు. ఆ రెండోదాన్ని సగం వెలుగును దాటనిచ్చి సగం తిప్పికొట్టే అద్దం మీదికి పంపారు. దాటితే ఒక దారి, తిరిగితే ఇంకో దారి, రెండు దారుల చివరా రెండు డిటెక్టర్లు. ఒకసారి ఇది మోగింది, ఒకసారి అది. రెండూ ఒకేసారి మోగింది ఎప్పుడో తప్ప లేదు. అంటే ఫోటాన్ చీలలేదు.

తర్వాత డిటెక్టర్లు తీసేసి, ఆ రెండు దారులనూ ఇంకో అలాంటి అద్దం దగ్గర మళ్లీ కలిపారు. ఫోటాన్ ఏదో ఒక దారినే వచ్చి ఉంటే, రెండో అద్దం దగ్గరా సగం ఇటు, సగం అటు పోవాలి. అవతలి దారి పొడుగెంతో దానికి అనవసరం. కానీ ఒక దారి పొడుగును కాంతి తరంగంలో చిన్న వంతు మేర మారుస్తూ పోతే, ఆ అద్దం నుంచి బయటికొచ్చే ఒక గుమ్మం దగ్గర లెక్క పెరిగింది, రెండో గుమ్మం దగ్గర తగ్గింది. కొన్ని పొడుగుల దగ్గర దాదాపు అన్నీ ఒక్క గుమ్మానికే వచ్చాయి. ఒక్కో ఫోటాన్ వచ్చింది విడిగానే, దాని నడవడిక మాత్రం రెండు దారుల పొడుగు మీదా ఆధారపడింది. మధ్యలో ఏ దారినో కనిపెట్టే ఏర్పాటు పెడితే ఆ ఎగుడుదిగుళ్లు మాయమై మళ్లీ సగం సగమే. ‘రెండు దారులా వెళ్లింది’ అనాలని నాలుక దురదపెడుతుంది. సర్దార్ గుర్తొచ్చి ఆపుకుంటాను. రెండు దారులూ ఆ స్థితిలో పాలుపంచుకున్నాయి, ఫలానా దారి అన్న జవాబు అక్కడ లేదు. ఇంతవరకే రూఢిగా అనగలిగేది. ఆ స్థితి అసలు ఏమిటన్న దాని మీద భౌతికశాస్త్రవేత్తలు నేటికీ కొట్లాడుకుంటున్నారు. లెక్కల మీద మాత్రం కొట్లాట లేదు.

అన్ని ప్రశ్నలకూ జవాబుల చిట్టా ఒకటి ఫోటాన్ జేబులో పెట్టుకుని తిరుగుతుందేమో అనే మొండివాళ్లు ఉంటారు. నేనూ కొన్నాళ్లు ఉన్నాను. ఒక్క ఫోటాన్‌తో ఆ అనుమానం తీరదు. జంట ఫోటాన్లతో తీర్చారు. దూరాన ఉన్న జంటతో సంబంధం లేకుండా ఎవరి చిట్టా వాళ్ల దగ్గరే ఉందనుకుంటే ఆ జంటల లెక్కలు కుదరవు. 2022 నోబెల్ బహుమతి ఆస్పెక్ట్, క్లౌజర్, జైలింగర్‌లకు వచ్చింది ఈ పనికే.

సరే, సర్దార్ మాటకొద్దాం. మనిషి రెండు డిప్పుల సూపర్‌పొజిషన్‌లో ఎందుకు ఉండడు? మనిషికి ఈ నియమాలు వర్తించవని కాదు. ఫోటాన్ దారుల సంగతి చెప్పాను గదా, ఎక్కడున్నదీ బయటికి తెలిసిపోయే ఏర్పాటు ఏది ఉన్నా ఆ కలిసిన తీరు చెదిరిపోతుంది. క్యాప్ ల్యాంపు వెలుగు గోడ మీద పడ్డా చాలు, ఊపిరి గాలిలో కలిసినా చాలు, ఒంటి వేడి బొగ్గుకు తగిలినా చాలు. అవన్నీ ఆయన ఏ డిప్పులో ఉన్నాడో నిమిషానికి లెక్కలేనన్నిసార్లు చాటుతూనే ఉంటాయి. వినేవాడు ఉండాల్సిన పని లేదు, గోడే చాలు. కాబట్టి ఆయనన్నది అక్షరాలా నిజం. ఆయన ఒక్క డిప్పులోనే ఉన్నాడు, మస్టరు ఒక్కటే. పెద్దవాటికి ఇది ఎంతవరకు సాగుతుందో మనుషులు పరీక్షిస్తూనే ఉన్నారు. వియన్నాలో 2019లో రెండు వేల దాకా పరమాణువులున్న అణువులతో ఇలాంటి దారుల ప్రయోగం చేసి, ఆ ఎగుడుదిగుళ్లు చూపించారు. అందుకోసం వాటిని గాలి లేని గొట్టంలో నడిపించాల్సి వచ్చింది.

ఆ ఉపన్యాసంలోనే ‘చూడటం’ అన్న మాటతో ఇంకో గోతిలో పడ్డాను. చూసేది మనసు, మనసు పడితేనే ప్రపంచం తేలుతుంది, మన పెద్దలు మాయ అన్నది ఇదే అన్నాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు దండం పెట్టారు. ఫిలిం ముక్కకు మనసు లేదు. రాత్రి గదికి తాళం వేసి నేను నిద్రపోయినా అది ఫోటాన్లను ఆపేవాటిని ఆపుతూ, పంపేవాటిని పంపుతూనే ఉంటుంది. మాయ గురించి చెప్పాలంటే వేదాంతం తెలిసినవాళ్లు చెప్పాలి, దానికి ఫోటాన్‌ను సాక్ష్యానికి పిలవడం ఆ రెండు శాస్త్రాలకూ మర్యాద కాదు. దండాలు మాత్రం తిరిగివ్వలేదు.

ఇన్ని తెలిశాక కూడా బుద్ధి రాలేదు. 2025 మే నెలలో అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్‌ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం యంత్రం పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ ప్రకటించాయి. పేపర్లో చూసి సీసీసీలో ఒక పాత శిష్యుడు బండి ఆపాడు. ‘‘సార్, అది మామూలు కంప్యూటర్ కంటే ఎట్ల ఎక్కువ?’’ అన్నాడు. ‘‘మామూలుది ఒక్కో జవాబు చూస్తది. ఇది అన్ని జవాబులూ ఒకేసారి చూసి సరైంది తీసిస్తది’’ అన్నాను. ఎక్కడో చదివిన వాక్యం, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ఇల్లు చేరేలోపే ఫిలిం ముక్క గుర్తొచ్చింది. క్యూబిట్‌ను అడిగినా ఒక్క జవాబే వస్తుంది, అదీ ఏదో ఒకటి. వేల జవాబుల సూపర్‌పొజిషన్‌ను తయారుచేసి ఊరికే కొలిస్తే చిట్టీ తీసినట్టే, ఏ చిట్టీ వస్తుందో తెలియదు. యంత్రం పనికొచ్చేది ఆ కలిసిన తీరు వల్ల. తప్పు జవాబుల పాళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకునేట్టు, ఒప్పు జవాబు పాలు పెరిగేట్టు ముందే అమర్చాలి, ఆ తర్వాతే కొలవాలి. అంతదాకా బయటి వేడి తగలకుండా ఆ చిప్‌ను పరమశూన్యానికి ఒక డిగ్రీలో కొన్ని వందో వంతుల దూరంలో చల్లగా ఉంచాలి. అయినా ఆ తీరు సెకనులో వెయ్యో వంతులోపే చెదిరిపోతుంటుంది. పైగా తప్పులు కొట్టేసుకునే అమరిక ప్రతి ప్రశ్నకూ దొరకదు. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పనికి 1994లో పీటర్ షోర్ కనిపెట్టాడు. మస్టర్ లెక్కలు వేయడానికి మాత్రం ఈ యంత్రం దండగ.

శిష్యుడు మళ్లీ కనిపించినప్పుడు లవ్ గ్రోవర్ లెక్క చెప్పాను. ఢిల్లీ ఐఐటీలో చదివి అమెరికా వెళ్లినాయన, 1996లో కట్టిన లెక్క. పది లక్షల పేర్లున్న జాబితా ఉంది, ఏ వరసా లేదు, అందులో ఒక పేరు వెతకాలి. మామూలు కంప్యూటర్ సగటున అయిదు లక్షల పేర్లు చూడాలి. గ్రోవర్ పద్ధతిలో క్వాంటం కంప్యూటర్ ఆ జాబితాను సుమారు ఎనిమిది వందల సార్లు అడగాలి, ఒక్కోసారికి సరైన పేరు పాలు కొంచెం కొంచెం పెరుగుతూ వస్తుంది. ఎనిమిది వందల దగ్గర ఆపకుండా ఇంకా అడుగుతూ పోతే ఆ పాలు మళ్లీ తగ్గడం మొదలవుతుంది. అంతకంటే చెప్పుకోదగ్గంత త్వరగా చేసే క్వాంటం పద్ధతి ఉండదని కూడా గణితంలో రుజువైంది.

‘‘మరి అన్నీ ఒకేసారి చూస్తదంటిరి గద సార్?’’ అన్నాడు.

‘‘అట్ల చూసేదైతే ఒక్కసారి అడిగితే అయిపోవాలె’’ అన్నాను. ‘‘నేను జెప్పింది తప్పు.’’

‘‘మా బావమర్దికి, బాయిల దోస్తులకు గూడ అట్లనే చెప్పిన సార్’’ అన్నాడు వాడు, బండి స్టార్ట్ చేస్తూ.